ఫెడ్ రాత్రి స్క్వీజ్ చూసి దూకేముందు

అమెరికా ఫెడ్ వడ్డీ రేట్లు చెప్పే రాత్రి వచ్చిందంటే మా హనుమకొండ గ్రూపులో ఒకటే మెసేజ్: "అన్నా, స్క్వీజ్ పడ్డది, ఇయ్యాల పెద్ద మూవ్ ఉంటది." పోయిన చలికాలం ఆ మాట నమ్మే నేనూ ఒక చిన్న కాయిన్‌లో దిగి చేతులు కాల్చుకున్నా. తప్పు ఆ స్క్వీజ్‌ను చూపించే బోలింజర్, కెల్ట్‌నర్ గీతలది కాదు, అవి దేన్ని కొలుస్తాయో చూడకుండా దిగిన నాది.

బోలింజర్ బ్యాండ్లు చూసేది క్లోజింగ్ ధరలనే. 20 క్యాండిల్స్ సగటు, దానికి పైనా కిందా రెండు స్టాండర్డ్ డీవియేషన్లు, అంతే. క్యాండిల్ మధ్యలో ధర పాతాళానికి పోయి వచ్చినా క్లోజ్ మామూలుగా ఉంటే వాటికి పట్టదు. కెల్ట్‌నర్ ఛానెల్ అట్లా కాదు, ఇప్పుడు అందరూ వాడే రకంలో 20 క్యాండిల్స్ ఈఎంఏకి, అంటే కొత్త ధరలకు ఎక్కువ బరువిచ్చే సగటుకి, అటూ ఇటూ ఏటీఆర్ కలుపుతారు, ఏటీఆర్ అంటే ఒక్కో క్యాండిల్‌లో హై నుంచి లో దాకా ధర తిరిగిన దూరాల సగటు కాబట్టి క్యాండిల్ తోక, అంటే ప్రతి విక్కూ అందులో పడుతుంది. ఎనుమాముల యార్డులో మిర్చికి జెండా పాట రేటు ఒకటి, చాలా లాట్లకు చివరికి దక్కే రేటు ఇంకొకటి ఉంటాయి చూడండి, ఏటీఆర్ ఆ జెండా పాటను కూడా లెక్కలో వేసుకుంటుంది, బోలింజర్ వేసుకోదు.

బోలింజర్ రెండు గీతలూ కెల్ట్‌నర్ లోపలికి వచ్చేస్తే దాన్నే స్క్వీజ్ అంటారు, కదలిక తగ్గి ధర ఊపిరి బిగబట్టిందని అర్థం. ఇక్కడే మోసం. లోపలికి రావడానికి రెండు దారులున్నాయి: బోలింజర్ నిజంగా ముడుచుకుని రావచ్చు, లేదా అది ఉన్నచోటే ఉండి కెల్ట్‌నర్ ఉబ్బిపోవచ్చు.

లెక్క చూడండి. కాయిన్ 100 రూపాయల దగ్గర తిరుగుతోంది, బోలింజర్ 97 నుంచి 103. పది క్యాండిల్స్ ఏటీఆర్ 1.8, దానికి ఒకటిన్నర రెట్లు వేస్తే కెల్ట్‌నర్ 97.3 నుంచి 102.7. అంటే స్క్వీజ్ లేదు. అర్ధరాత్రి కొనేవాళ్లు లేని టైమ్‌లో ఎవరో ఒక పెద్ద ఆర్డర్ అమ్మితే ధర 102 నుంచి 90కి జారి మళ్లీ 100 దగ్గర క్లోజ్ అయ్యింది. ఆ ఒక్క క్యాండిల్ రేంజ్ 12. కొత్త ఏటీఆర్ అంటే పాతదానికి తొమ్మిది వంతులు, దీనికి ఒక వంతు, అంటే 2.82. కెల్ట్‌నర్ వెంటనే 95.8 నుంచి 104.2 దాకా విప్పారింది, బోలింజర్ కదల్లేదు, స్క్రీన్ మీద స్క్వీజ్ పడిందని చెప్పే చుక్క వెలిగింది. ఏం బిగుసుకుంది? ఏమీ లేదు. పైగా ఆ వాపు ఒక్కో క్యాండిల్‌కు పదో వంతు చొప్పున తగ్గుతుంది కాబట్టి, ఆ చుక్క ఆరడానికి పదిహేను పదహారు క్యాండిల్స్ పడుతుంది, నాలుగు గంటల చార్ట్‌లో అయితే దాదాపు రెండున్నర రోజులు. నేను దిగింది ఆ రెండున్నర రోజుల్లోనే.

అందుకే స్క్వీజ్ కనిపించగానే ముందు వెనక్కి జరిగి, గత పదిహేను క్యాండిల్స్‌లో ఒక్కటే పొడుగు తోక ఉందా అని చూడండి. రూపాయి జతలో ఉండి డాలర్ జతలో ఆ తోక లేకపోతే అది మన ఎక్స్ఛేంజ్‌లో ఆర్డర్లు పలచగా ఉండటం వల్ల వచ్చిందే. సెట్టింగ్ కూడా చూసుకోవాలి, ట్రేడింగ్‌వ్యూలో కెల్ట్‌నర్ మామూలుగా 2 రెట్లతో వస్తుంది, స్క్వీజ్ కోసం చాలామంది చెప్పేది 1.5. రెండే ఉంచితే ఛానెల్ వెడల్పుగా ఉండి ఊరికే స్క్వీజ్‌లు కనబడతాయి.

ఇక రాత్రి సంగతి. ప్రకటన మన టైమ్‌లో వేసవిలో 11:30కి, చలికాలంలో 12:30కి వస్తుంది, అరగంట తర్వాత ప్రెస్ మీట్. నాలుగు గంటల క్యాండిల్ మాత్రం రెండు కాలాల్లోనూ 1:30కే మూతపడుతుంది. నేను 12:40కి ధర రెండు పై గీతలనూ దాటేసరికి టెన్షన్ ఆపుకోలేక కొన్నా, 1:30 అయ్యేసరికి ఆ పొడుగంతా విక్‌గా మిగిలి క్లోజ్ మధ్య గీత దగ్గరికి వచ్చి కూర్చుంది. ట్రెండ్‌కు బలం ఉందనాలంటే క్లోజ్ కెల్ట్‌నర్ బయట పడాలి, తర్వాతి క్యాండిల్స్‌లో మధ్య గీత కూడా అదే వైపు వంగాలి. బోలింజర్ పైగీత తాకిందని అమ్మేయడం కూడా వద్దు, గట్టి ట్రెండ్‌లో ధర దాన్ని పట్టుకునే పైకి పోతుంది. ఆ టైమ్‌లో కింది బ్యాండ్ కిందికి తెరుచుకోవడం చూసి పడిపోతుందేమో అనుకుంటారు, అది కేవలం డీవియేషన్ పెరిగి రెండు వైపులా వెడల్పయిందంతే.

నష్టం వస్తే ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకోవచ్చు అనుకుంటే అదీ కుదరదు, మన దగ్గర క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను కట్టాల్సిందే, ఒక కాయిన్ నష్టాన్ని ఇంకోదానికి సర్దడానికి చట్టం ఒప్పుకోదు. నా ఆ రాత్రి నష్టం అట్లాగే పోయింది, అంతకు ముందు నెల వచ్చిన లాభం మీద పన్ను మాత్రం పూర్తిగా కట్టా.