ముస్కాన్ విజువల్స్ వేసే ముందు: ముఖం కంటే ముందు మాస్క్ రావాలి

జూలై వస్తోందంటే తెలంగాణలో ఆపరేషన్ ముస్కాన్ మొదలవుతుంది. జనవరిలో జరిగే ఆపరేషన్ స్మైల్ లాంటిదే ఇది. తప్పిపోయిన పిల్లల్ని, పనిలో పెట్టిన పిల్లల్ని, సిగ్నళ్ల దగ్గర అడుక్కునే పిల్లల్ని పోలీసులు వెతికి బయటికి తెస్తారు. నెలంతా స్ట్రింగర్ల ఫోన్ల నుంచి రెస్క్యూ విజువల్స్ డెస్కుకు వచ్చి పడుతూనే ఉంటాయి. పది నిమిషాల్లో వెయ్యాలంటారు, ఎడిటర్ బ్లర్ కొట్టి పంపేస్తాడు.

ఈమధ్య ఒక చిన్న చానెల్లో అలా వెళ్లిన వీడియో చూశాను. పిల్లాడి ముఖానికి బ్లర్ ఉంది, చక్కగా కదులుతోంది. కానీ వ్యాను ఎక్కేముందు అతను తల తిప్పినచోట రెప్పపాటు కాలం ముఖం తేటగా కనిపించింది. ఎవరో సరిగ్గా అక్కడ ఆపి స్క్రీన్‌షాట్ తీశారు. సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. వీడియో తీసేశారు, ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంది.

బ్లర్ చెయ్యాలని మీకు తెలుసు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమూ బయటపెట్టకూడదనీ, తప్పితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చనీ తెలుసు. నేను చెప్పదలచింది బ్లర్ చేశాక కూడా పిల్లలు ఎలా బయటపడుతున్నారన్నది. నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ఒక్కటే. బ్లర్ ఎంతవరకు పడాలో హద్దు గీసే మాస్క్ ముఖం కంటే ఆలస్యంగా మొదలవుతుంది, లేదా ముఖం కంటే ముందే ఆగిపోతుంది. మధ్యలో ఎంత బాగా ట్రాక్ అయినా, దొరికిపోయేది ఆ మొదట్లోనో చివర్లోనో.

ఒక క్లిప్ తీసుకుని చూద్దాం

పాతబస్తీలో గాజుల కార్ఖానా అనుకోండి. పద్నాలుగు సెకన్ల క్లిప్, ఫోన్లో 30 ఫ్రేముల లెక్కన తీసింది, అంటే మొత్తం 420 ఫ్రేములు. పిల్లాడు చీకటి గుమ్మంలోంచి బయటికి వస్తాడు, ఒక కానిస్టేబుల్ అతనికీ కెమెరాకూ మధ్యలోంచి నడుస్తాడు, పిల్లాడు వ్యాను దగ్గర ఒకసారి తిరిగి చూసి ఎక్కుతాడు.

మామూలుగా ఎడిటర్ ఏం చేస్తాడు? ముఖం తేటగా కనబడిన చోట, అంటే గుమ్మం దాటి వెలుగులోకి వచ్చాక, గుండ్రటి మాస్క్ పెట్టి ముందుకు ట్రాక్ కొడతాడు. ఆ ఫ్రేము నలభయ్యోది అనుకుంటే, అంతకుముందు గుమ్మం నీడలో ఉన్న పది పదిహేను ఫ్రేములకు మాస్క్ సరైన చోట లేదు. చీకటిగా ఉంది కదా, ఏం కనబడుతుందిలే అనుకుంటాడు. ఆ నీడ ఫ్రేముల్లో ఒకదాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్ గ్యాలరీలోనే బ్రైట్‌నెస్ పెంచి చూడండి. ముఖం వచ్చేస్తుంది.

అందుకే ట్రాకింగ్ ఎప్పుడూ ముఖం పెద్దగా, తేటగా ఉన్న ఫ్రేము దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా నడపాలి. డావిన్చీ రిజాల్వ్‌లో అయితే కలర్ పేజీలో కొత్త నోడ్ వేసి, సర్కిల్ విండో పెట్టి, ట్రాకర్‌లో Pan, Tilt, Zoom ఉంచి, Rotate, 3D తీసెయ్యండి. నడిచే మనిషి తల తిరిగినప్పుడు ఆ రెండూ విండోను వంకర్లు తిప్పేస్తాయి. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి. ప్రీమియర్‌లోనూ మాస్క్ పాత్ పక్కన ముందుకూ వెనక్కీ బాణాలు ఉంటాయి. వెనక్కి ఉన్న బాణాన్ని ముట్టుకునేవాళ్లు తక్కువ.

ఇక కానిస్టేబుల్ సంగతి. పిల్లాడు అతని వెనక్కి వెళ్లగానే ట్రాకర్ ముఖాన్ని వదిలేసి ఖాకీ భుజాన్ని పట్టుకుంటుంది. దానికి ముఖమని తెలియదు, చుక్కలూ గీతలూ మాత్రమే తెలుసు. పిల్లాడు అటువైపు తేలతాడు, మాస్క్ కానిస్టేబుల్‌తోనే ఉండిపోతుంది. ఎడిటర్ అది చూసి, ముఖం మళ్లీ నిండుగా కనబడిన ఫ్రేము దగ్గర మాస్క్‌ను జరిపి ముందుకు ట్రాక్ కొడతాడు. భుజం చాటునుంచి సగం ముఖం బయటికొచ్చిన ఆ మూడు నాలుగు ఫ్రేములు ఖాళీ. 30 ఫ్రేముల లెక్కన అది సెకనులో పదోవంతు. ప్లే చేస్తే కంటికి అందదు. కానీ యూట్యూబ్‌లో కంప్యూటర్ మీద వీడియో ఆపి కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కో ఫ్రేమూ వెనక్కీ ముందుకీ కదులుతుంది. వెతికేవాడికి పదోవంతు సెకను చాలు.

దీనికి నేను చేసే పద్ధతి మొరటుది, కానీ నిలుస్తుంది. ఒకే మాస్క్‌తో మొత్తం లాగొద్దు. కానిస్టేబుల్ దాటాక ముఖం తేటగా ఉన్నచోట రెండో నోడ్ వేసి, రెండో మాస్క్ పెట్టి, అక్కణ్నుంచి ముందుకూ వెనక్కీ ట్రాక్ చెయ్యండి. వెనక్కి వెళ్తూ అది కూడా కానిస్టేబుల్‌ను పట్టుకుంటుంది, పట్టుకోనివ్వండి. సగం ముఖం తేలిన ఫ్రేముల్లో అది జారితే చేత్తో జరపండి. మొదటి మాస్క్‌ను మాత్రం ఆపొద్దు. కాసేపు రెండూ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. పోలీసు భుజం కాసేపు మసకబారితే ఎవరికీ నష్టం లేదు.

మళ్లీ చెబుతున్నాను: ముఖం కంటే ముందు మాస్క్ రావాలి, ముఖం పోయాకే మాస్క్ పోవాలి. అటు పది ఫ్రేములు, ఇటు పది ఫ్రేములు ఎక్కువ ఉంచండి.

కట్ దగ్గర డిజాల్వ్

దీన్ని చాలా తక్కువమంది గమనిస్తారు, అందుకే విడిగా చెబుతున్నాను. క్లిప్‌ను కట్ చేసి, బ్లర్ ట్రాక్ చేసి, అంతా సరిగ్గా ఉందని చూసుకున్నారు. తర్వాత ప్రొడ్యూసర్ వచ్చి కట్ గట్టిగా ఉంది, డిజాల్వ్ వెయ్యమంటాడు. డిజాల్వ్ అంటే కట్ అవతల దాక్కున్న ఫ్రేములను బయటికి లాగడమే. ఇరవై నాలుగు ఫ్రేముల డిజాల్వ్ కట్ మీద సమంగా వేస్తే, ఒక్కో వైపు నుంచి పన్నెండు కొత్త ఫ్రేములు తెరమీదికి వస్తాయి. వాటికి మీరు ట్రాకింగ్ చెయ్యలేదు. మాస్క్ చివరిసారి ఉన్నచోటే నిలబడిపోతుంది, పిల్లాడు మాత్రం నడిచి దానిలోంచి బయటికి వచ్చేస్తాడు. మసకగా, పక్క షాట్‌తో కలిసి, కానీ గుర్తుపట్టేంతగా.

డిజాల్వ్ వేశాక మళ్లీ ట్రాక్ చెయ్యండి. లేదా డిజాల్వ్ వెయ్యొద్దు. రెస్క్యూ విజువల్‌కు అంత సొగసు ఎందుకో నాకైతే అర్థం కాదు.

స్లో మోషన్‌దీ ఇదే కథ. ముందు బ్లర్ చేసి రెండర్ తీసి, ఆ ఫైలును తెచ్చుకుని నెమ్మది చెయ్యండి. స్టెబిలైజేషన్ అయితే తలకిందులు: అది ముందు, ట్రాకింగ్ తర్వాత.

ఎంత గట్టిగా కప్పాలి

మాస్క్ జుట్టు నుంచి మెడదాకా, చెవులు లోపలికి వచ్చేలా ఉండాలి. అంచు మెత్తగా చేస్తే అంచు దగ్గర బ్లర్ పల్చబడుతుంది, కాబట్టి మెత్తదనం ఎంత పెంచితే మాస్క్‌ను అంత పెంచండి.

గళ్ల మొజాయిక్‌ను నమ్మకండి, అందులోనూ చిన్న గళ్లదాన్ని. కదిలే వీడియోలో గళ్లు ఒకచోట నిలబడి, కింద ముఖమో నంబర్ ప్లేటో జరుగుతూ ఉంటే, ఒక్కో ఫ్రేములో ఒక్కో ముక్క రంగు గళ్లలోకి వస్తుంది. ఫ్రేములన్నీ పేర్చితే కింద ఉన్నదానిలో కొంత తిరిగి తేలుతుంది. నంబర్ ప్లేటుకు ఇది మరీ ప్రమాదం. అందులో ఉండేవి పదికి మించని అక్షరాలూ అంకెలే, మొదట్లో TGనో TSనో APనో ఉంటుందని ముందే తెలుసు. ప్లేటు మీద బ్లర్ కాదు, నిండు రంగు పెట్టె పెట్టండి. మెలితిప్పే ఎఫెక్టులు అసలే వద్దు. 2007లో ఇంటర్‌పోల్ వెతికిన ఒక నేరస్థుడు ఫొటోల్లో తన ముఖాన్ని సుడిలా తిప్పి దాచుకుంటే, జర్మనీ పోలీసులు ఆ సుడిని వెనక్కి తిప్పి ముఖం బయటికి తీశారు. అక్కడ మంచికే జరిగింది. అదే పని మీ వీడియోలోని పిల్లాడి మీద ఎవరైనా చెయ్యొచ్చు.

ఇక వరసగా

టైమ్‌లైన్ మీద చూసి సరే అనొద్దు, బయటికి తీసిన ఫైలునే చూడాలి. ముఖం వచ్చేచోటు, పోయేచోటు, చాటుకు వెళ్లేచోటు ఫ్రేములుగా విడగొట్టండి. నాలుగో సెకను చుట్టుపక్కల అయితే, కమాండ్ లైన్లో ffmpeg ప్రోగ్రాంతో ఇలా:

```
ffmpeg -ss 3 -t 2 -i final.mp4 f_%03d.png
```

అరవై ఫొటోలు వస్తాయి. ఫోల్డర్‌లో పెద్ద బొమ్మలుగా పెట్టి కళ్లతో దాటండి. ఒక్క నిమిషం పని.

వ్యాను అద్దం చూడండి, వెనక నిలబడ్డ బైకు అద్దం చూడండి. ముఖానికి బ్లర్ ఉండి ప్రతిబింబానికి లేకపోతే బ్లర్ లేనట్టే.

అమ్మానాన్నల ముఖాలు కూడా కప్పాలి. ఊళ్లో వాళ్లు పిల్లాణ్ని గుర్తుపట్టేది వాళ్లను చూసే.

చొక్కా మీద బడి బ్యాడ్జి, కార్ఖానా బోర్డు, అధికారి చేతిలో పేర్ల జాబితా. మూడూ కప్పు.

ఆడియో విను. బైట్ వెనకాల ఎవరో పిల్లాణ్ని పేరు పెట్టి పిలుస్తుంటారు. అక్కడ మ్యూట్.

థంబ్‌నెయిల్ ఒరిజినల్ క్లిప్ నుంచి తియ్యొద్దు. బ్లర్ అయిన ఫైలు నుంచే.

షార్ట్ కూడా దాని నుంచే కత్తిరించు. నిలువు ఫ్రేముకు ఒరిజినల్ మళ్లీ తెచ్చుకుంటే మాస్క్ రాదు.

ఒరిజినల్ క్లిప్ గ్రూపులో పెట్టొద్దు. "డెస్కు వాళ్లే కదా" అనొద్దు.

ఆటోమేటిక్ ఫేస్ బ్లర్ మీద వదిలెయ్యొద్దు. పక్కకు తిరిగిన ముఖాన్ని, కిందికి వంచిన తలను అది వదిలేస్తుంది. ఎక్కడ మొదలెట్టిందో, ఎక్కడ వదిలిందో చూడు. ముఖం కంటే ముందు మాస్క్.

టైమ్ లేదా? ఆ షాట్ తీసెయ్. కాళ్ల షాట్ వాడు, వ్యాను తలుపు వాడు, గాజుల గుట్ట వాడు.

వేశాక తప్పు కనబడిందా? ముందు వీడియోను ప్రైవేట్ చెయ్, ఆ తర్వాతే సరిదిద్దు. యూట్యూబ్ స్టూడియోలో బ్లర్ పెట్టి అది పూర్తయ్యేదాకా వీడియోను పబ్లిక్‌గా ఉంచొద్దు. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో, వాట్సాప్ చానెల్లో వేసినవి కూడా అప్పుడే తీసెయ్. ఎక్కడెక్కడ వేశావో ముందే ఒకచోట రాసి పెట్టుకో, ఆ గాభరాలో గుర్తురాదు.