ఫోన్‌ని నోటితో అడిగే ప్రశ్నకు సరిపడేలా శీర్షిక ఎలా పెట్టాలి?

నెల్లూరు జిల్లా పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటలున్న రైతుల కోసం నేను ఇంటర్నెట్‌లో వ్యాసాలు రాస్తుంటాను. ఒకసారి 'నిమ్మలో బ్యాక్టీరియా గజ్జి తెగులు యాజమాన్యం' అని శీర్షిక పెట్టాను. సమాచారమంతా సరిగ్గానే ఉంది, చదివినవాళ్లు మాత్రం తక్కువ. తోటలో రైతు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఎలా అడుగుతాడో విన్నాకే కారణం అర్థమైంది. 'యాజమాన్యం' అనే మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు.

ముందుగా మాటలు పోగు చేయాలి. 'మీరైతే ఏమని వెతుకుతారు?' అని అడగకండి. అలా అడిగితే మనిషి ఆలోచించి, చదువుకున్న మాటలు వాడతాడు. మీ ఫోన్‌లో మైక్ నొక్కి చేతికిచ్చి, "మామా, మీ చెట్టుకేమైందో దీన్నే అడగండి" అనండి. నేనలా ఇస్తే ఒక పెద్దాయన ఇలా అడిగారు: "నిమ్మకాయల మీద గజ్జి మాదిరి మచ్చలు వస్తా ఉండాయి, ఏం మందు కొట్టాల?" ఇందులో పంట పేరుంది, కంటికి కనిపించేది ఉంది, చివర క్రియతో ముగిసే ప్రశ్న ఉంది. తెగులు శాస్త్రీయనామం లేదు. ఇలా నలుగురైదుగురి చేత అడిగించండి. వయసులో, చదువులో తేడా ఉన్నవాళ్లయితే ఇంకా మంచిది.

ఇప్పుడు మనిషి అన్నదాన్ని పక్కనపెట్టి, తెర మీద ఫోన్ ఏం రాసిందో చూడండి. వెతుకులాట జరిగేది ఆ రాతతోనే. 'వస్తా ఉండాయి' అన్నది 'వస్తున్నాయి'గా మారిందా, 'కొట్టాల' 'కొట్టాలి' అయిందా, 'స్ప్రే' లాంటి మాట తెలుగు లిపిలో పడిందా ఇంగ్లీషు అక్షరాల్లో పడిందా గమనించండి. అన్నదీ రాసిందీ రెండూ నోటు చేసుకోండి. మన నెల్లూరు యాస నాకెంతో ఇష్టం, కానీ శీర్షికలో నేను ఫోన్ రాసిన రూపమే పెడతాను. యాసను వ్యాసం లోపల రైతు మాటల్లో ఉంచుతాను.

తర్వాత సెర్చ్ పెట్టెలో 'నిమ్మకాయల మీద' అని టైప్ చేసి ఆగండి. కింద వచ్చే సూచనలు ఇతరులు అడిగే తీరును చూపిస్తాయి. మీరు పోగు చేసిన వాక్యానికి దగ్గరగా ఏదైనా ఉంటే ఆ మాటల వైపు మొగ్గండి. ఏమీ రాకపోయినా వాక్యం పనికిరాదని కాదు, మీరు చెవులారా విన్నారు కదా.

ఇక శీర్షిక: 'నిమ్మకాయల మీద గజ్జి మచ్చలు వస్తున్నాయా? ఏం మందు కొట్టాలి?' ఫోన్ తెర మీద పొడుగు శీర్షిక చివర తెగిపోతుంది కాబట్టి పంట పేరూ మచ్చలూ ముందే రావాలి. 'నిమ్మ గజ్జి, నిమ్మ మచ్చలు, నిమ్మ తెగులు' అని మాటలు పేర్చకండి. అది ఎవరూ అడగని ప్రశ్న. ప్రతి అక్షరం కలవాలన్న టెన్షన్ కూడా వద్దు, దగ్గరి అర్థమున్న మాటలను సెర్చ్ చాలావరకు కలుపుకుంటుంది. తన మాటే తెర మీద కనిపిస్తే రైతు దాన్ని నొక్కుతాడు. అదీ లాభం.

మందు అడిగినవాడికి మందు మొదటి పేరాలోనే చెప్పాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. నా వ్యాసం ఇప్పుడిలా మొదలవుతుంది: 'గజ్జి సోకిన కొమ్మలు కత్తిరించి కాల్చేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చెట్టంతా తడిసేలా కొట్టండి.' ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే తెగులనీ, వాన చినుకులతో పాకుతుందనీ, ఆకుముడత పురుగు చేసిన గాయాల్లోంచి లోపలికి వెళుతుందనీ ఆ తర్వాత రాశాను. 'బ్యాక్టీరియా గజ్జి తెగులు' అన్న పేరు అక్కడ వస్తుంది. ఆ పేరుతో వెతికేవాళ్లకూ వ్యాసం అందాలి కదా.

మూడు నాలుగు వారాలాగి, మీ పేజీ గూగుల్‌లో ఏ వెతుకులాటలకు కనిపించిందో చూపించే Search Console తెరవండి. Query ఫిల్టర్‌లో, ఒకేసారి చాలా మాటల్లో ఏది ఉన్నా పట్టుకునే regex ఎంచుకుని ఇది పెట్టండి:

```
ఎలా|ఎందుకు|ఎంత|ఏం|ఏ మందు
```

ప్రశ్నల రూపంలో వచ్చిన వెతుకులాటలు బయటపడతాయి. నోటితో అడిగినవీ టైప్ చేసినవీ అందులో వేరుగా ఉండవు. పొడుగ్గా ఉండి క్రియతో ముగిస్తే నోటి ప్రశ్న అయి ఉండొచ్చని ఊహించడమే. మరీ కొద్దిమంది అడిగినవి అసలు కనిపించవు. ఒక ప్రశ్నకు మీ పేజీ చాలాసార్లు కనిపించి, ఎవరూ నొక్కకపోతే, అదే ప్రశ్నను ఫోన్‌లో మీరే అడిగి చూడండి. మీ శీర్షిక బదులు గూగుల్ వేరే వాక్యం చూపిస్తుండొచ్చు. అలా జరిగితే నేను పేజీ లోపలి పెద్ద శీర్షికనూ సెర్చ్ కోసం ఇచ్చే బయటి శీర్షికనూ ఒకే మాటల్లోకి మార్చి, ఇంకో మూడు వారాలు చూస్తాను.