నెలాఖరు రివ్యూకి ముందు: వారం పీపీటీల నుంచి ట్రెండ్ తీసేటప్పుడు జాగ్రత్తలు

“ఈ నెల వీక్లీ పీపీటీలన్నీ కలిపి, ఏం మారిందో ఒక్క స్లైడులో చెప్పండి.” నెలాఖరు రివ్యూకి రెండు రోజుల ముందు ప్రాజెక్టు టీముల్లో ఎవరో ఒకరి మీద ఈ పని పడుతుంది. చాలామంది మొదటి వారం అంకె ఒకటి, చివరి వారం అంకె ఒకటి తీసుకుని మధ్యలో బాణం గుర్తు పెట్టేస్తారు. ఆ బాణం తప్పు దిశ చూపించే అవకాశం చాలా ఎక్కువ. దాన్నిబట్టే క్లయింటు రిలీజుకి ఒప్పుకోవచ్చు, టీములోంచి ఇద్దర్ని వేరే ప్రాజెక్టుకి పంపేయవచ్చు. అందుకే స్లైడు తెరవకముందే కొన్ని చూసుకోవాలి.

హైదరాబాద్‌లో టెస్టింగ్ దశలో ఉన్న ఒక ప్రాజెక్టు అనుకుందాం. నెల 2025 అక్టోబర్. శుక్రవారాలు 3, 10, 17, 24, 31, అంటే పీపీటీలు ఐదు. కానీ మనకు కావలసినవి ఆరు. సెప్టెంబర్ 26 నాటిది కూడా తీసుకోవాలి, ఎందుకంటే నెల మొదలయ్యేసరికి పరిస్థితి ఏమిటో చెప్పేది అదే. అది లేకపోతే మొదటి వారంలో వచ్చిన మార్పు లెక్కలోకే రాదు.

ఫైళ్లు ఎక్కడి నుంచి తీస్తున్నారో కూడా చూసుకోండి. పీపీటీలోని చార్టు ఎక్సెల్ ఫైలుకి లింక్ అయి ఉంటే, పాత పీపీటీ తెరిచినప్పుడు `Update Links` అని అడుగుతుంది. అది నొక్కితే అక్టోబర్ 3 నాటి చార్టులోకి ఇవాళ్టి అంకెలు వచ్చి కూర్చుంటాయి. `Cancel` నొక్కండి. ఆ వారం మెయిల్లో వెళ్లిన పీడీఎఫ్ దొరికితే ఇంకా మంచిది, అందులో అంకెలు మారవు. తేదీ ఫైలు పేరులోంచి తీసుకోకండి. లోపల ఏ రోజు వరకు డేటా అని రాశారో అదే అసలు తేదీ. ఒక వారం గురువారం సాయంత్రానికి, ఇంకో వారం సోమవారం ఉదయానికి డేటా తీసి ఉంటే, ఆ తేడాని పక్కన రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. ఓపెన్ డిఫెక్టుల సంఖ్య ఒక్కటే వరసగా రాసుకుంటే సరిపోదు. ఆ వారం కొత్తగా వచ్చినవి, క్లోజ్ అయినవి కూడా పక్కనే రాయాలి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఎలాగైతే పాత నిల్వకి జమ కలిపి, ఖర్చు తీసేస్తే కొత్త నిల్వ రావాలో, ఇక్కడా అలాగే రావాలి. మన ప్రాజెక్టులో పీపీటీల నుంచి తీసిన అంకెలు ఇవి:

| తేదీ | కొత్తవి | క్లోజ్ అయినవి | ఓపెన్ | తేడా |
|---|---|---|---|---|
| సెప్టెంబర్ 26 | | | 42 | |
| అక్టోబర్ 3 | 6 | 4 | 44 | 0 |
| అక్టోబర్ 10 | 15 | 11 | 48 | 0 |
| అక్టోబర్ 17 | 14 | 16 | 46 | 0 |
| అక్టోబర్ 24 | 5 | 9 | 31 | 11 |
| అక్టోబర్ 31 | 13 | 12 | 32 | 0 |

మొదటి వరస శీర్షికలు, సెప్టెంబర్ 26 రెండో వరస అనుకుంటే, చివరి కాలమ్‌లో మూడో వరస నుంచి పెట్టాల్సిన ఫార్ములా ఇది:

```
=D2+B3-C3-D3
```

సున్నా వస్తే లెక్క కుదిరినట్టు. అక్టోబర్ 24న 11 తేడా వచ్చింది. 46కి 5 కలిపి 9 తీసేస్తే 42 ఓపెన్ ఉండాలి, పీపీటీ 31 అంటోంది. ఇలాంటి చోట ఆగి, డిఫెక్ట్ ట్రాకర్ తెరిచి చూడాలి. మన ఉదాహరణలో ఆ వారం మీటింగులో 11 డిఫెక్టుల్ని తర్వాతి రిలీజుకి వాయిదా వేశారు. వాటిని ఎవరూ సరిచేయలేదు, ఓపెన్ లెక్కలోంచి తీసేశారంతే. పీపీటీలో ఆ సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

బాణం గీసేవాళ్లు 42 నుంచి 32కి తగ్గాయని రాస్తారు. నిజానికి నెల మొత్తంలో కొత్తవి 53 వచ్చాయి, 52 క్లోజ్ అయ్యాయి. వాయిదా వేసినవి కలుపుకుంటే ఇప్పుడు 43, అంటే ఒకటి పెరిగింది. రెండింటిలో ఏది వినిపిస్తామన్నదాన్ని బట్టి రిలీజు నిర్ణయమే మారిపోతుంది. వాయిదా వేయడం తప్పేమీ కాదు, చాలాసార్లు అదే సరైన నిర్ణయం. దాన్ని పురోగతిగా చూపించడమే తప్పు.

తేడా మైనస్‌లో, చిన్నగా, రెండో మూడో వస్తూ ఉంటే ముందు రీఓపెన్ అయిన డిఫెక్టుల్ని అనుమానించండి. క్లోజ్ చేసినవి మళ్లీ తెరుచుకుంటే ఓపెన్‌లో కలుస్తాయి గానీ, కొత్తవాటిలో లెక్కకి రావు. వాటికి విడిగా ఒక కాలమ్ పెట్టాల్సిందే.

కొత్తవి తగ్గిన వారాల్ని కూడా ఒకసారి చూడండి: 6, 5. మిగతా వారాల్లో 15, 14, 13. ఆ ఏడాది దసరా అక్టోబర్ 2న, దీపావళి 20న వచ్చాయి. ఆ వారాల్లో సగం టీము సెలవులో ఉండి టెస్టింగే తక్కువ జరిగితే, డిఫెక్టులు తక్కువే దొరుకుతాయి. క్వాలిటీ పెరిగిందని రాసే ముందు ఆ వారం ఎన్ని టెస్ట్ కేసులు రన్ చేశారో అడిగి తెలుసుకోండి. ఆ సంఖ్య దొరక్కపోతే, పండగ వారాలని స్లైడు మీదే గుర్తు పెట్టండి.

రంగుల విషయంలో ఇంకో మోసం ఉంది. గో-లైవ్ స్టేటస్ సెప్టెంబర్ 26న గ్రీన్, అక్టోబర్ 10న ఆంబర్, 24న మళ్లీ గ్రీన్ అనుకోండి. కోలుకున్నట్టే కనిపిస్తుంది. ప్రతి పీపీటీలో చెప్పిన గో-లైవ్ తేదీ పక్కన రాస్తే నవంబర్ 14, నవంబర్ 21, నవంబర్ 28. ప్లాన్ మార్చి కొత్త తేదీ పెట్టుకోగానే రంగు గ్రీన్ అయింది, పని మాత్రం రెండు వారాలు వెనక్కి జరిగింది. అందుకే రంగులతో ట్రెండ్ గీయకండి, ఏ వారం ఏ తేదీ మాట ఇచ్చారో అది చూపించండి. రిస్కులూ అంతే. ఒక వారం ఉండి తర్వాతి వారం కనిపించని రిస్కు తీరిపోయిందో, స్లైడులో చోటు లేక తీసేశారో దాని ఓనర్‌ని అడగాలి.

శాతాలకి సగటు తీయకండి. ఒక వారం 10 టికెట్లకి 10 సమయానికి పూర్తయితే 100 శాతం, ఇంకో వారం 90కి 72 అయితే 80 శాతం. సగటు 90 శాతం అని వస్తుంది గానీ, 100లో 82 అయ్యాయి కాబట్టి అసలు జవాబు 82 శాతం.

రాసేటప్పుడు ప్రతి వాక్యంలో ఏ తేదీ నుంచి ఏ తేదీకి, ఎంత నుంచి ఎంతకి, ఎందుకు అన్నవి ఉండాలి. ఉదాహరణకి: “సెప్టెంబర్ 26 నుంచి అక్టోబర్ 31కి ఓపెన్ డిఫెక్టులు 42 నుంచి 32కి వచ్చాయి, 11 తర్వాతి రిలీజుకి వాయిదా పడ్డాయి, అవి కలిపితే 43.” కారణం తెలియకపోతే ఇంకా తేలలేదనే రాయండి, ఊహించి నింపకండి. పై టేబుల్‌ని చివర బ్యాకప్ స్లైడుగా ఉంచి, రివ్యూకి ఒక రోజు ముందే టెస్ట్ లీడ్‌కి పంపండి. వాయిదా వేసిన 11 డిఫెక్టుల సంగతి క్లయింటుకి ముందే తెలుసో లేదో ఆ రోజే కనుక్కోవాలి. తెలియకపోతే ఆ సంగతి మీటింగులో కాదు, అంతకు ముందే మీ మేనేజర్ క్లయింటుకి ఫోన్ చేసి చెప్పాలి.