గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్ష: దరఖాస్తు గడువులోనే సిలబస్‌ను వారాలవారీ పేజీల లెక్కగా మార్చుకునే విధానం

ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-2 పరీక్షకు దరఖాస్తు చేసే పద్ధతి చాలామందికి తెలిసినదే కాబట్టి దానిని క్లుప్తంగా చెప్పి, ఆ దరఖాస్తుతోపాటే మొదలుపెట్టవలసిన మరో పని గురించి ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాను. కమిషన్ వెబ్‌సైటు psc.ap.gov.in లో మొదటిసారి దరఖాస్తు చేసేవారు ముందుగా వన్ టైమ్ ప్రొఫైల్ రిజిస్ట్రేషన్ పూర్తి చేసి ఓటీపీఆర్ నంబరు పొందాలి. ఆ నంబరుతో లాగిన్ అయి, నోటిఫికేషన్‌కు సంబంధించిన దరఖాస్తు నింపి, రుసుము చెల్లించి, పూర్తయిన దరఖాస్తు ప్రతిని భద్రపరచుకోవాలి. పేరు, పుట్టిన తేదీ, విద్యార్హత వివరాలు సర్టిఫికెట్లలో ఉన్నట్టే నింపాలి. చాలామంది ఇక్కడితో పని అయిందనుకుని నోటిఫికేషన్ ఫైలును మూసేస్తారు. అయితే సిలబస్ ఉండేది ఆ ఫైలులోనే. దరఖాస్తు ప్రతితోపాటు సిలబస్ పేజీలను కూడా కాగితం మీద ముద్రించుకోవాలి, ఎందుకంటే ఇక్కడినుంచి పని అంతా ఆ కాగితం అంచుల మీదే జరుగుతుంది.

సమయం ఎంత ఉంటుందో 2023 నోటిఫికేషన్‌ను చూస్తే తెలుస్తుంది. దరఖాస్తులు 2023 డిసెంబరు 21న మొదలయ్యాయి, స్క్రీనింగ్ పరీక్ష 2024 ఫిబ్రవరి 25న జరిగింది. మధ్యలో ఉన్నవి 66 రోజులు. మొదట ప్రకటించిన చివరి తేదీ అయిన జనవరి 10 వరకు ఆగి, ఆ తరువాత చదువు మొదలుపెట్టినవారికి మిగిలినవి 46 రోజులే. ఈ వ్యాసంలోని లెక్క అంతా ఆ తేదీల మీదే చేసి చూపుతాను. మీ నోటిఫికేషన్ తేదీలు వేరైనా పద్ధతి మారదు.

స్క్రీనింగ్ పరీక్షకు 150 మార్కులు. భారత చరిత్ర, భూగోళ శాస్త్రం, భారతీయ సమాజం, వర్తమాన అంశాలు, మెంటల్ ఎబిలిటీ, ఒక్కొక్కదానికి 30 మార్కులు. ఐదింటినీ ఒకేసారి ప్రణాళికలోకి తెస్తే లెక్క చేయి జారిపోతుంది. ఒక విభాగానికి లెక్క పూర్తిచేసి, అదే తీరులో మిగిలినవి చేసుకోవడం మంచిది. భూగోళ శాస్త్రాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే సిలబస్‌కూ పుస్తకానికీ మధ్య తేడా ఎక్కువగా బయటపడేది అందులోనే.

మొదటి పని పేజీలు లెక్కించడం కాదు, సిలబస్‌నూ పుస్తకం విషయ సూచికనూ పక్కపక్కన పెట్టి జత కలపడం. సిలబస్‌లోని ప్రతి అంశం పక్కన అది పుస్తకంలో ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు ఉందో పెన్సిలుతో రాయాలి. తరువాత విషయ సూచికలోని ప్రతి అధ్యాయం పక్కన అది సిలబస్‌లోని ఏ అంశానికి చెందుతుందో రాయాలి. రెండు వైపులా రాయడం అనవసరం అనిపించవచ్చు గానీ, ఒక వైపే రాస్తే సగం సంగతే తెలుస్తుంది. సిలబస్ వైపు ఖాళీగా మిగిలిన అంశం పుస్తకంలో లేనిది, దానికి వేరే పుస్తకం వెతకాలి. విషయ సూచిక వైపు ఖాళీగా మిగిలిన అధ్యాయం పరీక్షకు అక్కరలేనిది, దానిని వదిలేయవచ్చు.

ఈ ఖాళీలు పాత, కొత్త ముద్రణల మధ్య కూడా వస్తాయి. గ్రూప్-2 సిలబస్‌లో భారతదేశం, ఆంధ్రప్రదేశ్ నేలలు స్పష్టంగా ఉన్నాయి. అభ్యర్థులు ఎక్కువగా వాడే ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి భారత భౌతిక పర్యావరణం పుస్తకం పాత ముద్రణలో నేలల మీద ఒక అధ్యాయం ఉండేది, పాఠాల కుదింపు తరువాత వచ్చిన ముద్రణలో అది లేదు. సీనియరు ఇచ్చిన పాత ప్రణాళికను కొత్త పుస్తకానికి అతికించుకున్నవారికి ఈ సంగతి పరీక్ష దగ్గరపడ్డాకే తెలుస్తుంది. 10వ తరగతి పుస్తకంలోని వనరుల అధ్యాయంలో నేలల పాఠం ఉంది కాబట్టి ఆ ఖాళీ పూడ్చుకోవచ్చు, కానీ అందుకు గంటలు ముందే కేటాయించి ఉండాలి.

ఇక ఒక ఉదాహరణ. విశాఖపట్నం మద్దిలపాలెంలో ఉంటూ గాజువాకలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చుని ఈ లెక్క వేసుకుంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె దగ్గరున్న తెలుగు మాధ్యమం పుస్తకంలో 14 అధ్యాయాలు, 286 పేజీలు ఉన్నాయి. భూగోళ శాస్త్రం అంటే ఏమిటో చెప్పే మొదటి అధ్యాయం 12 పేజీలు, ప్రపంచ గనుల గురించిన ఒక అధ్యాయం 20 పేజీలు. ఈ రెండింటికీ సిలబస్ వైపు జత దొరకలేదు, ఎందుకంటే ఆర్థిక భూగోళం కింద సిలబస్ అడిగేది భారతదేశం, ఆంధ్రప్రదేశ్ గురించి మాత్రమే. మిగిలిన 12 అధ్యాయాల చివర రెండేసి పేజీల ప్రశ్నలున్నాయి. వాటిని చదివే పేజీలుగా కాక, పునశ్చరణకు పక్కన పెట్టించాను. అలా 32, 24 తీసివేస్తే చదవవలసినవి 230 పేజీలు. అందులో భౌతిక భూగోళం 118, ఆర్థిక భూగోళం 64, మానవ భూగోళం 48. పుస్తకంలో లేని నేలలు, రాష్ట్ర వ్యవసాయం, పరిశ్రమల కోసం రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే నుంచీ, పాఠశాల పుస్తకం నుంచీ మరో 18 పేజీలు ఎంచుకుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 286ను ఎనిమిది వారాలతో భాగించి వారానికి 36 పేజీలని రాసుకోవడం. పేజీలన్నీ ఒక్క బరువువి కావు. శీతోష్ణస్థితి అధ్యాయంలో ఒక్క పటం దగ్గరే పది నిమిషాలు ఆగవలసి వస్తుంది, జనాభా అధ్యాయం కథలా సాగిపోతుంది. అందుకని వేగం కొలవాలి. ఒక్కో భాగం నుంచి ఒక అధ్యాయం తీసి అరగంట చదివి, పుస్తకం మూసి, చదివినది కాగితం మీద రాయాలి. రాయగలిగినంత మేరకే పేజీలు లెక్కలోకి తీసుకోవాలి. కళ్లు దాటిన పేజీలను లెక్కిస్తే వేగం రెట్టింపుగా కనబడుతుంది, మూడో వారానికి ప్రణాళిక కూలుతుంది. ఆమె భౌతిక భూగోళంలో అరగంటకు 4 పేజీలు, మిగిలిన రెండు భాగాల్లో 6 పేజీలు రాయగలిగింది. గంటకు 8, 12 అన్నమాట. అదనపు 18 పేజీలలో అంకెలు ఎక్కువ కాబట్టి వాటికీ 8నే తీసుకున్నాము. గంటలుగా మారిస్తే భౌతిక భూగోళానికి పద్నాలుగుంముప్పావు, ఆర్థికానికి దాదాపు ఐదుంపావు, మానవ భూగోళానికి 4, అదనపు పేజీలకు రెండుంపావు, మొత్తం దాదాపు ఇరవై ఆరుంపావు గంటలు.

ఇక ఆమె చేతిలో ఉన్న గంటలు. గాజువాక నుంచి తిరిగి వచ్చేసరికి సాయంత్రం గడిచిపోతుంది కనుక భూగోళానికి సోమవారం, గురువారం గంట చొప్పున, ఆదివారం రెండు గంటలు, అంటే వారానికి 4 గంటలు ఇచ్చింది. డిసెంబరు 25 సోమవారం నుంచి ఫిబ్రవరి 18 ఆదివారం వరకు ఎనిమిది వారాలు, 32 గంటలు. అందులో జనవరి 14 భోగి ఆదివారం వచ్చింది, 15 సంక్రాంతి సోమవారం వచ్చింది. పండుగకు శ్రీకాకుళం జిల్లాలోని సొంత ఊరు వెళతానని ఆమె చెప్పినప్పుడు, పుస్తకం వెంట తీసుకువెళ్లి చదువుతానని రాసుకోవద్దని గట్టిగా చెప్పాను. ఆ మూడు గంటలూ కొట్టేశాము. మిగిలినవి 29 గంటలు, అవసరమైనవి ఇరవై ఆరుంపావు. దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు ఖాళీ. గనుల అధ్యాయాన్ని వదలకుండా ఉంటే ఒకటిన్నర గంట అక్కడే పోయి, ఈ ఖాళీ దాదాపు గంటకు కుదించుకుపోయేది.

వారాలవారీ లక్ష్యం ఇలా వచ్చింది.

| వారం | గంటలు | చదవవలసినది |
|---|---|---|
| డిసెంబరు 25–31 | 4 | భౌతికం 32 పేజీలు |
| జనవరి 1–7 | 4 | భౌతికం 32 |
| జనవరి 8–14 | 2 | భౌతికం 16 |
| జనవరి 15–21 | 3 | భౌతికం 24 |
| జనవరి 22–28 | 4 | భౌతికం 14, అదనపు పేజీలు 18 |
| జనవరి 29–ఫిబ్రవరి 4 | 4 | ఆర్థికం 48 |
| ఫిబ్రవరి 5–11 | 4 | ఆర్థికం 16, మానవం 32 |
| ఫిబ్రవరి 12–18 | 4 | మానవం 16, మిగిలిన సమయం ఖాళీ |

ఈ పట్టికను అలాగే గోడకు అంటించకూడదు. ఇందులో ఉన్నవి పేజీల సంఖ్యలు మాత్రమే, చదివేటప్పుడు కావలసినది పుస్తకంలో ముద్రించిన పేజీ నంబరు. మొదటి అధ్యాయం వదిలేసింది కనుక ఆమె మొదటి వారం 13వ పేజీతో మొదలవుతుంది. రెండో అధ్యాయం చివర 33, 34 పేజీలు ప్రశ్నలు. వాటిని దాటేసి 46వ పేజీ వరకు వెళితే సరిగ్గా 32 పేజీలు అవుతాయి. కాబట్టి కాగితం మీద 'ఆదివారం రాత్రికి 46' అని రాసుకుంది. 46వ పేజీ ఒక ఉపశీర్షిక మధ్యలో పడితే, మూడు పేజీల వరకు ముందుకో వెనక్కో జరిపి ఉపశీర్షిక చివర ఆపడం మేలు. సగంలో ఆపిన పాఠాన్ని సోమవారం మళ్లీ మొదటి నుంచి చదవవలసి వస్తుంది, ఆ పేజీలు లెక్కలో ఎక్కడా కనబడవు.

ప్రణాళిక తప్పుతోందని తెలుసుకోవడానికి జనవరి 28 ఆదివారం రాత్రిని తనిఖీ రోజుగా పెట్టుకున్నాము, ఎందుకంటే భౌతిక భూగోళం ముగియవలసినది ఆ రోజునే. అప్పటికి మిగిలిపోయిన భౌతిక పేజీలు 21 లోపు ఉంటే ఎనిమిదో వారంలోని ఖాళీ సమయం వాటికి సరిపోతుంది, పట్టిక మార్చనక్కరలేదు. అంతకు మించి ఉంటే తరువాతి వారాల్లో రాత్రి మేలుకుని సరిచేద్దామని అనుకోకూడదు. ఆ వారాల్లో మిగిలిన నాలుగు విభాగాలకు కేటాయించిన గంటలే అలా తగ్గిపోతాయి. ముందుగా వేగాన్ని మళ్లీ కొలవాలి. గంటకు 8 కాక 6 అని తేలితే సమస్య శ్రద్ధలో కాదు, మొదటి కొలతలో ఉంది. అప్పుడు మిగిలిన అధ్యాయాల్లో సిలబస్ మాటకు నేరుగా జత పడే పేజీలను ఉంచి, వివరణగా మాత్రమే పనికివచ్చే పేజీలను కొట్టేయాలి. స్క్రీనింగ్ పరీక్షలో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో మూడో వంతు కోత ఉంది కనుక, పైపైన తిరగేసిన నలభై పేజీల కంటే రాయగలిగేలా చదివిన ఇరవై పేజీలే ఎక్కువ పనికివస్తాయి.

ఫిబ్రవరి 19 నుంచి 24 వరకు పట్టికలో చేర్చలేదు. మొదట్లో పక్కన పెట్టిన 24 పేజీల ప్రశ్నలు ఆ వారానివి, రోజుకు 4 పేజీలు. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకుని, అందులోని పరీక్షా కేంద్రానికి ఇంటినుంచి ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్లి చూసుకోవడానికి కూడా అదే వారంలో ఒక సాయంత్రం ఉంచుకోవాలి.