టైమ్‌టేబుల్‌లో +1 ఉంటే ఏ రోజు దిగినట్టు?

విమానం టైమింగ్స్‌లో 23:50 – 05:30+1 అని కనిపిస్తే, ఆ +1ని బయలుదేరే తేదీకే కలపాలి. 14వ తేదీ రాత్రి ఎక్కితే 15న తెల్లవారుజామున 5:30కి దిగుతారు. ఆ టైమూ తేదీ రెండూ దిగే ఊరివే. అక్కడ హోటల్ గానీ, తీసుకెళ్లడానికి కారు గానీ 15కే చెప్పుకోవాలి.

అదే విమానం 00:20కి బయలుదేరి 06:00కి దిగేదైతే పక్కన +1 ఉండదు, ఎందుకంటే ఎక్కేదీ దిగేదీ 15నే. చాలామంది పొరబడేది ఇక్కడే. టికెట్ మీద 15 అని ఉన్నా, ఎయిర్‌పోర్టుకి 14 రాత్రే వెళ్లాలి. 15 రాత్రి వెళ్తే విమానం దాటిపోయి దాదాపు రోజు గడిచినట్టే!

14న బయలుదేరి, మధ్యలో విమానం మారే ప్రయాణంలో 01:30+1కి దిగి, 04:00+1కి ఇంకో విమానం ఎక్కి, 09:15+1కి చేరతారని రాసి ఉందనుకోండి. ఆ మూడింటినీ కూడకండి. సాధారణంగా అన్నీ మొదటి విమానం బయలుదేరిన తేదీ నుంచే లెక్క, అంటే అన్నీ 15నే. కొన్నిచోట్ల మాత్రం ఒక్కో విమానానికి విడిగా లెక్కేస్తారు కాబట్టి, టికెట్‌లో రెండో విమానం ఎదురుగా ఉన్న తేదీ చూసుకోండి.