హైదరాబాద్ అద్దెను డాలర్లలో లెక్కేసే ముందు

అమెరికాలో ఉంటూ హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చినవాళ్లు ఇవి చూసుకోండి.

☐ ముందు ఖర్చులు రూపాయల్లోనే తీసేయండి. అద్దె 40,000, మెయింటెనెన్స్, ఇంటి పన్ను కలిపి 8,000 అనుకుందాం. మార్చాల్సింది మిగిలిన 32,000 మాత్రమే.

☐ డాలర్ బలపడితే ఎంత తగ్గుతుందో చూడండి. రేటు 75 ఉన్నప్పుడు ఆ 32,000 సుమారు 427 డాలర్లు. 85 అయితే 376. అద్దె ఒక్క రూపాయి తగ్గలేదు, మీకు మాత్రం 50 డాలర్లు పోయాయి.

☐ ఫ్లాట్ కోసం అమెరికాలో అప్పు చేశారా? అసలు టెన్షన్ ఇక్కడే. రూపాయల ఖర్చులు డాలర్లలో అద్దెతోపాటే తగ్గుతాయి, వాయిదా తగ్గదు. అది నెలకు 400 డాలర్లయితే, 27 మిగిలేచోట 24 చేతి నుంచి పడుతుంది.

☐ గూగుల్‌లో కనిపించే రేటు కాదు, బ్యాంకు నిజంగా ఇచ్చే రేటు వేయండి.