ఒకే కొనుగోలుకు కార్డు మీద రెండు ఎంట్రీలు: హోల్డా, నిజంగానే రెండుసార్లు బిల్లు పడిందా?

సమస్య

ఆన్‌లైన్‌లో ₹4,280 పెట్టి మిక్సీ కొన్నారనుకోండి. ఓటీపీ కొట్టాక పేజీ తిరుగుతూనే ఉండి, చివరికి పేమెంట్ ఫెయిలైందని చెప్పింది. మళ్లీ కట్టారు, ఈసారి ఆర్డర్ ఖరారైంది. కానీ క్రెడిట్ కార్డు మీద ₹4,280 ఖర్చయినట్టు మెసేజ్‌లు రెండొచ్చాయి, లిమిట్ ₹8,560 తగ్గింది. టెన్షన్ పడటం సహజమే. అయితే ఆ మెసేజ్‌లను బట్టి ఇంకా ఏదీ తేల్చలేం.

కారణం

కార్డు పేమెంట్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట మీ బ్యాంకు సరేనని, మీ లిమిట్‌లో అంత మొత్తాన్ని పక్కన పెడుతుంది. దీన్నే హోల్డ్ అంటారు. మెసేజ్ వచ్చేది ఇప్పుడే. ఆ తర్వాత, ఒకట్రెండు రోజులకో ఇంకాస్త ఆలస్యంగానో, అమ్మినవాళ్లు తమ బ్యాంకు ద్వారా ఆ డబ్బు ఇమ్మని అడుగుతారు. ఇది సెటిల్‌మెంట్. మీ మీద బాకీ పడేది ఇక్కడే.

మిక్సీ విషయంలో మొదటిసారి బ్యాంకు సరేనంది, కానీ ఆ జవాబు షాపు వెబ్‌సైట్‌కు వేళకు చేరలేదు. ఫెయిలైందనుకున్న షాపు ఆ డబ్బు అడగదు. అడగట్లేదన్న సంగతి బ్యాంకుకు తెలియదు కాబట్టి గడువు తీరేదాకా హోల్డ్ అలాగే ఉంటుంది. ఆలస్యంగా చేరిన జవాబును కూడా షాపు సిస్టమ్ లెక్కలోకి తీసుకుని రెండింటికీ డబ్బు అడిగితే, అప్పుడది నిజమైన డబుల్ బిల్లింగ్.

తేడా తెలుసుకోవడం

మూడు నాలుగు రోజులు ఆగి బ్యాంకు యాప్ చూడండి. ఒక ఎంట్రీ ఖాతాలోకి ఎక్కి, రెండోది ఇంకా `Pending` అనే ఉంటే అది దాదాపుగా హోల్డే. హోల్డ్ వల్ల వాడుకోగల లిమిట్ తగ్గుతుంది గానీ నెల బిల్లు పెరగదు. రెండు ఎంట్రీలూ నెల స్టేట్‌మెంట్‌లో అచ్చయితే మాత్రం సెటిల్ అయినట్టే.

కొన్ని యాప్‌లు రెండు రకాలనూ కలిపి చూపిస్తాయి. అప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, "రెండుసార్లు ఎందుకు కట్ అయింది?" అని కాకుండా "ఈ రెండింటికీ ఏఆర్‌ఎన్ ఉందా?" అని అడగండి. ఏఆర్‌ఎన్ అంటే సెటిల్‌మెంట్‌కు వెళ్లిన ప్రతి లావాదేవీకీ ఉండే 23 అంకెల నంబరు. ఉత్త హోల్డ్‌కు అది ఉండదు. నా దృష్టిలో ఇంతకన్నా సూటి ప్రశ్న లేదు.

మీ ఆర్డర్ల పేజీ కూడా చూడండి, రెండు ఆర్డర్లు పడి ఉంటే రెండు బిల్లులు రావడం సరైనదే. ఒకే ఆర్డర్‌ను రెండు పార్సిళ్లుగా పంపినప్పుడు రెండు ఎంట్రీలు పడవచ్చు, కానీ వాటి మొత్తం ఆర్డర్ ధరతో సరిపోతుంది.

హోల్డ్ అయితే

సాధారణంగా వారం పది రోజుల్లో అదే తొలగిపోతుంది. రీఫండ్ మెసేజ్ కోసం చూడకండి. డబ్బు అసలు పోలేదు కనుక తిరిగి జమైనట్టు ఎంట్రీ ఉండకపోవచ్చు. ఎంట్రీ మాయమై లిమిట్ పెరుగుతుంది, అంతే. లిమిట్ అత్యవసరమైతే, ఆ మొత్తం తమకు అక్కర్లేదని బ్యాంకుకు తెలియజేయమని షాపును అడగండి.

ఈ దశలో డిస్ప్యూట్, అంటే ఆ బిల్లును ఒప్పుకోనని బ్యాంకుకు ఇచ్చే ఫిర్యాదు, వేసినా బ్యాంకు సాధారణంగా తీసుకోదు, సెటిల్ కాని దాన్ని వెనక్కి రప్పించడానికి ఏమీ లేదు. విసుగొచ్చి "ఈ లావాదేవీ నేను చేయలేదు" అనే ఆప్షన్ మాత్రం నొక్కకండి. అది మోసం ఫిర్యాదు కిందికి వెళ్లి కార్డు బ్లాక్ అవుతుంది. పైగా ఆ మాట నిజం కాదు.

రెండూ సెటిల్ అయితే

ముందు షాపుకు రాయండి: ఆర్డర్ నంబరు ఒక్కటే, ఏఆర్‌ఎన్‌లు రెండు, ఒకదాని డబ్బు వాపసు ఇవ్వండి అని. మాటలతో సరిపెట్టుకోకుండా రాతపూర్వక జవాబు తీసుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతేనో, జవాబే ఇవ్వకపోతేనో బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. కారణం దగ్గర "ఒకే కొనుగోలుకు రెండుసార్లు బిల్లు" అన్నదే ఎంచుకుని, ఇన్‌వాయిస్, రెండు ఎంట్రీలూ కనిపించే స్టేట్‌మెంట్, షాపుతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు జతచేయండి. దీనికి గడువు ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఆగకండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే `cms.rbi.org.in`లో ఆర్‌బీఐ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

డెబిట్ కార్డు, యూపీఐ అయితే

ఇక్కడ చాలాసార్లు ఖాతాలోంచి డబ్బే తగ్గిపోతుంది. డబ్బు కట్ అయినా షాపుకు ధ్రువీకరణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలని ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ గడువు దాటితే రోజుకు ₹100 చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. కాబట్టి ఆరో రోజు నుంచి బ్యాంకును అసలు మొత్తంతో పాటు ఆ పరిహారమూ అడగండి.